ఏడాది మధ్యలో సెక్షన్ మార్చమని అడగాలి, మేడమ్ మీద ఫిర్యాదులా ఉండకూడదు

మా బాబు నిజాంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి, బి సెక్షన్. స్టేట్ సిలబస్. మూడో తరగతి దాకా స్కూలంటే పరుగెత్తేవాడు. జూలైలో క్లాస్ టీచర్ మానేశారు, కొత్త మేడమ్ వచ్చారు. ఆవిడ కొట్టరు, తిట్టరు. కానీ స్పీడు ఎక్కువ. ఇంగ్లీషు, ఈవీఎస్ ఆవిడే చెబుతారు. రోల్ నంబర్ల వరసలో ఒక్కొక్కరినీ లేపి పాఠం చదివిస్తారు. మావాడు చదివేటప్పుడు మొదటి మాట దగ్గర కాస్త ఆగుతాడు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే. "త్వరగా, టైం లేదు" అంటారట, పిల్లలు నవ్వుతారట. ఆగస్టు నుంచి పొద్దున్నే కడుపు నొప్పి అంటున్నాడు. దసరా సెలవుల్లో ఒక్కరోజూ అనలేదు. స్కూలు తెరిచారు, మళ్ళీ మొదలు. సి సెక్షన్ మేడమ్ వాడికి రెండో తరగతిలో చెప్పారు, ఆవిడంటే వాడికి ప్రాణం. మా అపార్ట్‌మెంట్ పిల్లాడు కూడా ఆ సెక్షనే. మార్చమని ప్రిన్సిపల్‌కు రాద్దామంటే మావారు "వాడిమీద కక్ష కడతారు, వచ్చే ఏడాది పాపను కూడా అదే స్కూల్లో ఒకటో తరగతిలో వేయాలి" అంటున్నారు. అత్తయ్య "ఇంకో ఆర్నెల్లు ఓర్చుకోండి" అంటున్నారు. నేను రాసుకున్నది ఇది: "బి సెక్షన్ మేడమ్ చాలా మంచివారే కానీ మా బాబుకు ఆవిడ పద్ధతి సరిపడటం లేదు. సి సెక్షన్ మేడమ్ బాగా చెబుతారని అందరూ అంటున్నారు. దయచేసి మార్చగలరు." ఇలా ఇవ్వొచ్చా?
— ఒక అమ్మ, హైదరాబాద్

అమ్మా, మీరు రాసుకున్న కాగితంలో ఉన్నవి మూడు వాక్యాలు. మొదటిది బి సెక్షన్ మేడమ్ గురించి, రెండోది సి సెక్షన్ మేడమ్ గురించి. బాబుకు ఏమవుతోందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఫిర్యాదులా ఉండకూడదని మీరు ఎంత జాగ్రత్తపడ్డా అది ఫిర్యాదులా ఉండటానికి కారణం అదే. "చాలా మంచివారే కానీ" అని మొదలుపెడితే చదివేవాళ్ళ కళ్ళు "కానీ" తర్వాతే ఆగుతాయి. ఇక పక్క సెక్షన్ మేడమ్‌ను పొగడటం అంటే ఈ మేడమ్‌ను తక్కువ చేయడమే. స్టాఫ్ రూమ్‌లో ఆ ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు.

కాబట్టి ఇలా ఇవ్వకండి. అయితే ఉత్తరం దిద్దుకునే ముందు ఇంకో పని ఉంది. సెక్షన్ మారితే బాబు కష్టం తీరుతుందా అన్నది మీరు ఇంకా తేల్చుకోలేదు.

"చదివేటప్పుడు కాస్త ఆగుతాడు" అని ఒక్క ముక్కలో దాటేశారు. నాకు మాత్రం మొత్తం విషయం అక్కడే ఉందనిపిస్తోంది. మీరు చెప్పిన తీరు చూస్తే అది నత్తి కావచ్చు. నత్తి ఉన్న పిల్లలకు చదవడం రాక కాదు ఇబ్బంది. లోపల మాట సిద్ధంగానే ఉంటుంది, బయటికి రాదు. తొందరపెడితే, చుట్టూ అందరూ చూస్తుంటే ఇంకా బిగుసుకుంటుంది. రోల్ నంబర్ల వరసలో చదివించడం ఇలాంటి పిల్లాడికి చాలా కష్టం. తన నంబరు 27 అయితే మొదటి నంబరు లేచినప్పటి నుంచే లెక్క మొదలవుతుంది. తన వంతుకు ఏ పేరా వస్తుంది, అందులో మొదటి మాట ఏ అక్షరంతో మొదలవుతుంది అని ముందే వెతుక్కుంటాడు. పాఠం చెవికెక్కదు. ఆ మేడమ్‌కు ఇది తెలిసి చేస్తున్నారని నేను అనుకోను. జూలైలో మధ్యలో వచ్చి, వెనకబడిన సిలబస్ అందుకోవాలని పరుగెడుతున్న టీచరుకు, ఆగుతున్న పిల్లాడు పాఠం చదువుకోకుండా వచ్చినట్టే కనిపిస్తాడు. నత్తి సంగతి మీరు ఆవిడకు చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు మరి.

ముందు ఒక చిన్న పని చేయండి. పది స్కూలు రోజుల పాటు ఒక నోటు పుస్తకంలో రోజుకు రెండు లైన్లు రాయండి. పొద్దున నొప్పి వచ్చిందా, ఎన్నింటికి తగ్గింది, ఆ రోజు టైంటేబుల్లో ఇంగ్లీషు, ఈవీఎస్, తెలుగు, హిందీ ఏవేవి ఉన్నాయి, సాయంత్రం వాడంతట వాడు ఏం చెప్పాడు. వాడిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేయొద్దు. నొప్పి ఇంగ్లీషు రీడింగ్ ఉన్న రోజుల్లోనే వస్తుంటే ఒక అర్థం. తెలుగు, హిందీ మాత్రమే ఉన్న రోజుల్లో కూడా వస్తుంటే, అవి చెప్పేది వేరే టీచర్లయితే, మూలం ఈ మేడమ్ కాదు, గట్టిగా చదవడమే. రోజూ ఒకేలా వస్తుంటే బస్సులోనో లంచ్ టైంలోనో ఇంకేదో జరుగుతుండొచ్చు.

ఈలోగా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. సెలవుల్లో లేని నొప్పి టెన్షన్ వల్లే అయ్యుండొచ్చు, అయినా డాక్టరు చూసి చెప్పాలి. రాత్రి నిద్రలో నొప్పితో లేవడం, బరువు తగ్గడం, వాంతులు, విరేచనంలో రక్తం లాంటివి ఉంటే మాత్రం పది రోజులు ఆగకుండా వెంటనే వెళ్ళండి.

ఇంట్లో ఇంకొకటి చూడండి. ఏదైనా పాఠం మీరూ వాడూ కలిసి, ఒకే గొంతుగా చదవండి. నత్తి ఉన్న పిల్లలు చాలామంది ఇంకొకరితో కలిసి చదివితే ఆగకుండా చదివేస్తారు, పాట పాడినా అంతే. మీవాడు అలా సాఫీగా చదివేస్తే, తర్వాత మేడమ్‌ను ఏం అడగాలో కూడా మీకు తెలిసిపోతుంది. పరీక్ష చేయించడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మాట, వినికిడి సమస్యలకే పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. తొమ్మిదేళ్ళు వచ్చినా తగ్గలేదంటే దానంతట అదే పోతుందని ఎదురుచూడకండి. ఇది సెక్షన్ మారినా మారకపోయినా చేయాల్సిన పనే.

ఇప్పుడు సి సెక్షన్ సంగతి. అడిగే ముందు స్కూలు ఆఫీసులోనో, ఆ అపార్ట్‌మెంట్ పిల్లాడి డైరీలోనో మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, సి సెక్షన్‌కు ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారు? నాలుగో తరగతికి వచ్చేసరికి చాలా స్కూళ్ళలో టీచర్లు సబ్జెక్టుల వారీగా సెక్షన్లన్నీ తిరుగుతారు. సి సెక్షన్ క్లాస్ టీచర్ లెక్కలు చెప్పి, ఇంగ్లీషుకు ఈ మేడమే అక్కడికీ వెళ్తుంటే మీ ఉత్తరం వల్ల మారేది బెంచీ ఒక్కటే. పైగా మీరు ఎందుకు మారారో తెలిసిన మేడమ్ ముందు వాడు మళ్ళీ నిలబడాలి. రెండు, ఆ సెక్షన్‌కు సెకండ్ లాంగ్వేజ్ ఏది? హైదరాబాద్ స్కూళ్ళు సెక్షన్లు చేసేటప్పుడు తెలుగు ఒకవైపు, హిందీ ఒకవైపు పెట్టడం మామూలే. మీవాడు తెలుగు తీసుకుని, సి అంతా హిందీ అయితే ప్రిన్సిపల్ ఒక్క నిమిషంలో కాదంటారు. మూడు, అక్కడ ఎంతమంది ఉన్నారు? బి కన్నా సిలో నలుగురైదుగురు ఎక్కువ ఉంటే, తనకు ఇష్టమైనా ప్రిన్సిపల్ వెనకాడతారు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కొత్త సెక్షన్‌లో మొదటి రోజు పిల్లాడిని లేపి "నీ పేరు చెప్పు" అంటారు. నత్తి ఉన్న పిల్లలకు సొంత పేరు చెప్పడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే దాన్ని ఇంకో మాటతో మార్చి చెప్పడానికి కుదరదు. సి సెక్షన్‌కు పంపాలనుకుంటే ఆ టీచరే వాడి పేరు చెప్పి పరిచయం చేసేలా ముందే మాట్లాడుకోవాలి.

అయితే మీ ముందు దారులు ఏమిటి?

మొదటిది, సెక్షన్ మార్చకుండా మేడమ్‌తోనే మాట్లాడటం. పీటీఎమ్‌లో కాదు, అక్కడ వెనక పదిమంది నిలబడి ఉంటారు. డైరీలో పది నిమిషాల టైం అడిగి వెళ్ళండి. "మేడమ్, వీడికి నత్తి ఉంది, నేను ముందే మీకు చెప్పాల్సింది. వరసలో వంతు కోసం ఎదురుచూస్తే ఎక్కువవుతోంది. కొన్నాళ్ళు వీడిని మొదట్లోనే చదివించేస్తారా, లేకపోతే పక్క పిల్లాడితో కలిపి ఇద్దరినీ ఒకేసారి చదివిస్తారా? ఆగినప్పుడు మాట అందించకుండా ఆగితే చాలు" అనండి. ఇది టీచరుకు ఖర్చు లేని పని. చేస్తే రెండు మూడు వారాల్లో మీ నోటు పుస్తకంలో తేడా కనబడాలి. లాభం ఏమిటంటే బాబు స్నేహితులు, రోల్ నంబరు, పుస్తకాలు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. నష్టం ఏమిటంటే అంతా ఆవిడకు గుర్తుండటం మీద ఆధారపడుతుంది. సిలబస్ హడావిడిలో మళ్ళీ పాత వరసలోకి వెళ్ళిపోవచ్చు. నవ్వే పిల్లలను ఆపడం కూడా ఆవిడ చేతిలోనే ఉంది.

రెండోది, సెక్షన్ మార్పు అడగటం. ఒకే స్కూల్లో సెక్షన్ మారితే టీసీ అక్కర్లేదు, అడ్మిషన్ నంబరు మారదు. మారేది రోల్ నంబరు, హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు, క్లాసు వాట్సాప్ గ్రూపు. అందుకే నా సలహా, ఎస్‌ఏ-1 పరీక్షలు అయి ఆ మార్కులు ఎక్కించాక మార్చమని అడగండి. పరీక్షల మధ్యలో మారితే మార్కులు ఒక రిజిస్టరులో, పిల్లాడు ఇంకో రిజిస్టరులో ఉంటారు, ఆఫీసువాళ్ళు ఆ ఒక్క కారణం చెప్పి వాయిదా వేస్తారు. సంక్రాంతి దాకా లాగితే మాత్రం "ఇంకెంత, ఏప్రిల్ వచ్చేస్తోంది కదా" అన్న మాటే వస్తుంది.

మూడోది మీ అత్తయ్య గారు చెప్పింది. దాన్ని నేను కొట్టిపారేయను. చాలా స్కూళ్ళు ఏటా సెక్షన్లు కలిపేసి మళ్ళీ విడదీస్తాయి, జూన్‌లో ఎలాగూ మారొచ్చు. కానీ ఊరికే ఓర్చుకోవడం వేరు, మొదటి దారిలోని ఏర్పాటు చేయించి ఓర్చుకోవడం వేరు. ఏమీ చేయకుండా వదిలేస్తే వాడు లేవకుండా తప్పించుకోవడం నేర్చుకుంటాడు. బాత్రూమ్‌కు వెళ్ళడం, పుస్తకం మరిచిపోయాననడం, చివరికి జవాబు తెలిసినా చెయ్యెత్తకపోవడం.

నేనైతే మొదటి దానితో మొదలుపెట్టి, మూడు వారాల్లో తేడా లేకపోతే రెండో దానికి వెళ్తాను. మేడమ్‌తో ముందే మాట్లాడటం వల్ల ఇంకో లాభం ఉంది. ప్రిన్సిపల్ మీ ఉత్తరం చూడగానే వేసే మొదటి ప్రశ్న "క్లాస్ టీచర్‌కు చెప్పారా?" అనే. చెప్పలేదంటే ఉత్తరం అక్కడే ఆగుతుంది.

ఆ ఉత్తరాన్ని ప్రిన్సిపల్ ఎలా చదువుతారో కూడా కాస్త ఆలోచించండి. ఒకరికి ఒప్పుకుంటే రేపు పదిమంది వస్తారని ఆవిడ భయం. "ఫలానా మేడమ్ వద్దు" అనే కారణంతో ఒప్పుకుంటే బి సెక్షన్‌లో మిగిలిన పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోలేరు. అదే ఈ పిల్లాడికి మాత్రమే వర్తించే కారణం మీరు చేతికిస్తే, దాన్నే మేడమ్‌కూ మిగతావాళ్ళకూ ఇబ్బంది లేకుండా చెప్పగలరు. ఉత్తరం ప్రిన్సిపల్ పేరు మీదే ఉన్నా కోఆర్డినేటర్ చదువుతారు, చాలాసార్లు క్లాస్ టీచర్ చేతికీ వెళ్తుంది. మేడమ్ చదువుతారనే అనుకుని రాయండి. ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి,

విషయం: నాలుగో తరగతిలో సెక్షన్ మార్పు గురించి.

మా అబ్బాయి నాలుగో తరగతి బి సెక్షన్‌లో చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి వాడికి నత్తి ఉంది. అందరి ముందు ఒక్కడే నిలబడి చదవాల్సి వచ్చినప్పుడు అది ఎక్కువవుతుంది. ఆగస్టు నుంచి స్కూలున్న రోజుల్లో పొద్దున కడుపు నొప్పి అంటున్నాడు. డాక్టరుకు చూపించాం, జబ్బేమీ లేదన్నారు. గత పది స్కూలు రోజుల్లో ఆరు రోజులు నొప్పి వచ్చింది, ఆ ఆరూ గట్టిగా చదివే పీరియడ్ ఉన్న రోజులు. స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం.

క్లాస్ టీచర్ గారికి ఈ విషయం చెప్పాం. వాడిని వరసలో కాకుండా ముందుగా చదివించారు. కొంత తేడా ఉంది, కానీ తరగతిలో పిల్లలు నవ్వుతారేమోనన్న భయం వాడిలో పోలేదు.

సి సెక్షన్‌లో వాడు రోజూ ఆడుకునే స్నేహితుడు ఉన్నాడు. ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి చదువుతుంటే వాడు ఆగకుండా చదువుతున్నాడు. అందువల్ల ఎస్‌ఏ-1 తర్వాత వాడిని సి సెక్షన్‌కు మార్చడం వీలవుతుందేమో చూడగలరు. వీలుకాకపోతే వాడికి సరిపోతుందని మీరు అనుకున్న ఏర్పాటుకు మేము సిద్ధం. ఈ విషయం మీతో మాట్లాడటానికి ఒక సమయం ఇవ్వగలరు."

ఇందులో జరగనివి ఉంటే తీసేయండి. ఆరు రోజులన్నది నేను వేసిన అంకె, మీ నోటు పుస్తకం ఏం చెబితే అది రాయండి. స్నేహితుడితో కలిసి చదివించి చూడకుండా ఆ వాక్యం పెట్టొద్దు. థెరపీ మొదలుపెట్టకపోతే "అపాయింట్‌మెంట్ తీసుకున్నాం" అనండి. మేడమ్ గురించి ఉన్నది ఆవిడ చేసిన పని మాత్రమే, మెచ్చుకోలు కాదు. ఆవిడ ఏమీ చేయకపోతే "చెప్పాం" అన్నంతవరకే ఉంచండి, "ఏమీ చేయలేదు" అని కలపకండి. "మేము ఎవరినీ నిందించడం లేదు" అన్న వాక్యం కూడా వద్దు. అది చదవగానే ఎవరిని అనే ఆలోచన వస్తుంది. "చిన్నప్పటి నుంచి" అన్న ఒక్క మాట ఆ పని చేసేస్తుంది, జూలైలో వచ్చిన మేడమ్‌కు, అంతకుముందు నుంచీ ఉన్న నత్తికి సంబంధం లేదని అదే చెబుతుంది. సి సెక్షన్ మేడమ్ పేరు ఎక్కడా లేదు చూడండి. అడిగింది సెక్షన్‌ను, టీచర్‌ను కాదు.

ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులో కావాలంటే ఇదే వరసలో రాయించుకోండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో సంతకం వేయించుకోండి, లేదా స్కూలు ఈమెయిల్‌కు పంపండి. క్లాసు గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం ఈ మాట ఎత్తకండి. మీరు ఎంత మర్యాదగా రాసినా, గ్రూపులో ఎవరో ఒకరు "ఆ మేడమ్ అంతే" అన్నారంటే అది మీరు అన్నట్టే ప్రచారమవుతుంది. తెలిసిన కార్పొరేటర్‌తో ఫోను చేయించే ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే అదీ ఆపండి. పని అవుతుందేమో, కానీ మీ భయం నిజమయ్యేది అప్పుడే.

"ఒక నెల చూద్దాం" అని ప్రిన్సిపల్ అనొచ్చు. ఒప్పుకోండి, కానీ తేదీ అడగండి, ఏం చూసి తేలుస్తారో కూడా అడగండి. పొద్దున నొప్పి వచ్చిన రోజులు సగానికి తగ్గాయా లేదా అన్నది మంచి కొలత, అది ఎలాగూ మీ పుస్తకంలో ఉంటుంది.

ఒక్క విషయంలో ఇదంతా పక్కన పెట్టాలి. మాట్లాడేటప్పుడు వాడు కొట్టారనో, నత్తిని అనుకరించి వెక్కిరించారనో, ఆగినందుకు క్లాసు బయట నిలబెట్టారనో చెబితే, దాన్ని సెక్షన్ మార్పు ఉత్తరంలో దాచకండి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అప్పుడు రాయాల్సింది ఫిర్యాదే. జరిగిన తేదీ, జరిగింది మాత్రమే రాసి ప్రిన్సిపల్‌కు విడిగా ఇవ్వాలి. స్కూలు కదలకపోతే 1098కు ఫోను చేయొచ్చు. మీ ఉత్తరంలో అలాంటిది ఏమీ లేదు, అందుకే ఇప్పటికి మెత్తటి దారే సరైనదని అంటున్నాను.

బాబుకు ఇప్పుడే "నిన్ను సి సెక్షన్‌కు మారుస్తున్నాం" అని చెప్పకండి. కాదంటే రోజూ అదే అడుగుతాడు. "నీకు చదవడం తేలికయ్యేలా మేడమ్‌తో మాట్లాడుతున్నాం" అంటే చాలు. ఇంట్లో వాడు ఆగినప్పుడు "నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో" అనడం కూడా మానేయండి. అదీ తొందరపెట్టినట్టే వినిపిస్తుంది వాడికి. చెప్పడం అయ్యేదాకా వాడి ముఖం చూస్తూ ఉండండి.

ఇక మీవారి భయం. కక్ష కట్టడం అనేది ఎక్కడా జరగదని నేను అనను. కానీ ముందు తనతో మాట్లాడి, తన పేరు మీద మచ్చ పడకుండా రాసిన తల్లి మీద టీచరుకు కోపం రావడానికి కారణం తక్కువ. తన వెనకాల ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళినవాళ్ళ మీదే ఎక్కువగా వస్తుంది. పాప విషయానికొస్తే, వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి ఎవరు వస్తారో ఇప్పుడు స్కూలుకే తెలియదు. నాలుగో తరగతి ఇంగ్లీషు చెప్పే టీచరు ఒకటికి వస్తారో రారో కూడా చెప్పలేం. ఆ ఆలోచనతో ఈ ఉత్తరం ఆపకండి. మీవారిని మాత్రం మేడమ్‌తో మాట్లాడే ఆ పది నిమిషాలకు వెంట తీసుకెళ్ళండి. ఆయన ఎదురుగా కూర్చుని వింటే ఆ టీచరు ఎలాంటివారో ఆయనకే ఒక అంచనా వస్తుంది, ఆ తర్వాత ఉత్తరం ఇవ్వాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.